పళ్లు వెనక్కి జరిగితే పెదవులు ఎంత జరుగుతాయి?

ముఖాన్ని పక్క నుంచి చూస్తే కింది సగం రూపును ముక్కు కొన, రెండు పెదవులు, గడ్డం నిర్ణయిస్తాయి. పెద్దవాళ్లకు పళ్లకు క్లిప్పులు వేసినా, కనిపించని అలైనర్ ట్రేలు పెట్టినా నేరుగా మారేది వీటిలో పెదవులే. ముక్కు కదలదు. గడ్డం ఎముక కూడా ఉన్నచోటే ఉంటుంది. పెదవులు రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి వెళ్తే ముక్కు, గడ్డం కొంచెం తేలి కనిపిస్తాయి. చూసేవాళ్లు ముఖమే మారిపోయిందనుకునేది అందుకే.

పెదవికి సొంత ఎముక లేదు. అది కండరం, కొవ్వు, చర్మం కలిసిన మెత్తని పొర. వెనకాల ఉన్న పళ్లమీద, ఆ పళ్ల వేర్లను పట్టుకున్న ఎముకమీద అది ఆనుకుని ఉంటుంది. పై పెదవికి ప్రధానమైన ఆసరా పై ముందు పళ్లు చిగురును కలిసే చోటు, దాని పైనున్న ఎముక. కింది పెదవికి ఆసరా రెండు వైపుల నుంచి వస్తుంది. దాని లోపలి భాగం కింది ముందు పళ్లమీద ఆనితే, పై అంచు పై పళ్ల కొనలను తాకుతూ ఉంటుంది. అందుకే ఎత్తు పళ్లున్న చాలామందిలో పై పెదవి కంటే కింది పెదవే ఎక్కువగా ముందుకు తిరిగి కనిపిస్తుంది. పై పళ్లు వెనక్కి జరిగినప్పుడు ముందుగా, ఎక్కువగా స్పందించేదీ అదే.

పిల్లల్లో ఇదే వైద్యం చేస్తే ఫలితాన్ని విడదీసి చూడటం కష్టం. పన్నెండేళ్ల పిల్లవాడికి చికిత్స జరిగే రెండేళ్లలో దవడ పెరుగుతుంది, ముక్కు పెరుగుతుంది, పెదవులు మందమవుతాయి. ఏ మార్పు క్లిప్పులది, ఏది వయసుది అని చెప్పలేం. ఇరవై ఏళ్లు దాటాక ఆ గందరగోళం ఉండదు. దవడల పెరుగుదల దాదాపు ఆగిపోతుంది కాబట్టి పళ్లు ఎంత కదిలాయో, పెదవులు ఎంత కదిలాయో దాదాపు లెక్క కట్టవచ్చు. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. ఎదుగుదల మీద ఆశ పెట్టుకుని చేసే చికిత్సలేవీ పెద్దవాళ్లకు పనిచేయవు. వెనక్కి ఉన్న కింది దవడను ముందుకు పెంచుతామని చెప్పే పరికరం పదకొండేళ్ల వయసులో కొంత అర్థవంతం. ముప్ఫై ఏళ్ల వయసులో అది పళ్లను మాత్రమే వంచుతుంది.

మార్పును కొలవాలంటే ముందు ఒక గీత కావాలి. ఆర్థోడాంటిస్టులు ఎక్కువగా వాడేది అమెరికాకు చెందిన రాబర్ట్ రికెట్స్ ప్రతిపాదించిన ఈ-లైన్. ముక్కు కొన నుంచి గడ్డం కొనకు ఒక సరళరేఖ గీసి, పెదవులు దానికి ఎంత ముందున్నాయో, ఎంత వెనకున్నాయో చూస్తారు. తెల్లజాతి పెద్దల్లో పై పెదవి ఆ గీతకు సుమారు 4 మిల్లీమీటర్లు, కింది పెదవి సుమారు 2 మిల్లీమీటర్లు వెనక ఉండటం సమతూకమని రికెట్స్ లెక్క. దక్షిణ భారతీయుల ముఖాల్లో పెదవులు సహజంగానే ఆ గీతకు మరింత దగ్గరగా ఉంటాయి. గీతను తాకినా, కొంచెం దాటినా ముఖం నిండుగానే కనిపిస్తుంది. పాశ్చాత్య కొలతను యథాతథంగా తెలుగు ముఖం మీద పెట్టి పళ్లను వెనక్కి లాగితే వచ్చేది అందం కాదు, నోరు లోపలికి పోయిన రూపు. రెండో కొలత ముక్కు అడుగు భాగానికీ పై పెదవికీ మధ్య కోణం. అది 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే సాధారణమంటారు. పై పళ్లు ముందుకు వచ్చినవాళ్లలో అది ఇరుకుగా ఉంటుంది, పళ్లు వెనక్కి పోయేకొద్దీ విప్పారుతుంది.

ఈ కొలతలు తీసేది తలను స్థిరంగా ఉంచి పక్క నుంచి తీసే ఎక్స్-రేలో. దాన్ని సెఫలోగ్రామ్ అంటారు. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ ఎవరికి వారుగా ఈ పద్ధతిని ప్రకటించారు. ఎముక, పళ్లు, పెదవి అంచు అన్నీ ఒకే చిత్రంలో కనిపించడం దీని ప్రయోజనం. అయితే చిత్రం తీసే క్షణంలో పెదవులు ఎలా ఉన్నాయన్నది చాలా ముఖ్యం. ఎత్తు పళ్లున్నవారు ఫొటో అనగానే అలవాటుగా పెదవులు బిగించి మూస్తారు. అప్పుడు గడ్డం మీద కండరం ముడుచుకుని చర్మం నారింజ తొక్కలా గుంటలు పడుతుంది, పెదవులు సాగి పలచబడతాయి, అసలు సమస్య సగం దాగిపోతుంది. సరైన చిత్రంలో వెనక పళ్లు తేలిగ్గా కలిసి ఉండాలి, పెదవులు వాటంతట అవి ఎలా ఉంటే అలా వదిలేయాలి. ఆ విశ్రాంతి స్థితిలో పెదవుల మధ్య 3 మిల్లీమీటర్ల వరకు ఖాళీ ఉండటం మామూలే. 6, 7 మిల్లీమీటర్లు ఉంటే మాత్రం పళ్లో, దవడో పెదవులను కలవనివ్వడం లేదని అర్థం.

పెదవులు వెనక్కి వెళ్లాలంటే ముందు పళ్లు వెనక్కి వెళ్లాలి. అవి వెళ్లాలంటే చోటు కావాలి. ప్రొఫైల్ గురించి చెప్పే మాటలన్నీ చివరికి ఈ చోటు లెక్క దగ్గరే తేలతాయి. దవడ వరసను పై నుంచి చూస్తే అది ఒక విల్లులా ఉంటుంది. ముందు పళ్లు 1 మిల్లీమీటరు ముందుకు జరిగితే వరసలో సుమారు 2 మిల్లీమీటర్ల చోటు పుడుతుంది. వెనక్కి 1 మిల్లీమీటరు జరగాలంటే అదే 2 మిల్లీమీటర్లు ఎక్కడినుంచో తేవాలి.

పళ్లు వంకరగా, ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్న మనిషిని తీసుకుంటే ఈ లెక్క ఎంత గడుసుదో తెలుస్తుంది. కింది వరసలో 6 మిల్లీమీటర్ల ఇరుకు ఉందనుకుంటే, పన్ను తీయకుండా, వరసను వెడల్పు చేయకుండా వాటిని సరిచేస్తే ముందు పళ్లు దాదాపు 3 మిల్లీమీటర్లు ముందుకు వస్తాయి. వాటితోపాటు పెదవీ వస్తుంది. పళ్లు ముత్యాల్లా కుదిరాయి, నోరు మాత్రం ఇంకా ముందుకొచ్చింది అని కొందరు పెద్దవాళ్లు చికిత్స తర్వాత బాధపడటానికి కారణం ఇదే. ఆ పళ్లను సరిచేసినవారు తప్పు చేశారని కాదు, చోటు ఎక్కడినుంచి వస్తోందో ముందే మాట్లాడుకోలేదు. పలచని పెదవులు, చదునైన నోరు ఉన్నవారికి మాత్రం ఇదే మార్పు వరం. పెదవులకు ఆసరా దొరికి నోరు నిండుగా కనిపిస్తుంది.

పన్ను తీయకుండా చోటు తేవడానికి ఉన్న మార్గాల్లో ఎక్కువగా వాడేది పళ్ల పక్క అంచులను సన్నగా అరగదీయడం. రెండు పళ్లు కలిసే ప్రతి చోటా కలిపి 0.5 మిల్లీమీటర్ల దాకా తీయవచ్చు. ముందు ఆరు పళ్ల చుట్టూ ఉన్న ఏడు కలయికల్లో 0.4 చొప్పున తీస్తే 2.8 మిల్లీమీటర్లు వస్తుంది. పళ్లలో ఇరుకు ఏమీ లేకపోతే ముందు పళ్లు దాంతో 1.4 మిల్లీమీటర్లు వెనక్కి వెళ్తాయి. పై పెదవి అందులో సగమో, అంతకంటే తక్కువో కదులుతుంది. అంత తేడాను అద్దంలో పట్టుకోవడం కష్టం. పన్ను తీయకుండా, ట్రేలతోనే, ఎత్తు నోరు పూర్తిగా తగ్గిపోతుందని ఎవరైనా చెబితే ఈ చిన్న గుణకారం చేసి చూడటం మంచిది. ఎముకలో చిన్న మరలు బిగించి వరస మొత్తాన్ని వెనక్కి జరిపే పద్ధతి ఇంకొకటి ఉంది. జ్ఞానదంతాలు తీసి, వెనక ఎముకలో చోటుంటే దానితో రెండు మూడు మిల్లీమీటర్లు సాధిస్తారు.

అంతకు మించి కావాలంటే మిగిలేది పళ్లు తీయడమే. సాధారణంగా కోరపన్ను వెనకున్న పన్నును పైన రెండు, కింద రెండు తీస్తారు. ఒక్కోటి సుమారు 7 మిల్లీమీటర్ల వెడల్పు. ఈ విషయం మీద వృత్తిలో వందేళ్లుగా వాదం ఉంది. ఆధునిక ఆర్థోడాంటిక్స్‌కు ఆద్యుడైన ఎడ్వర్డ్ ఆంగిల్ ప్రతి పన్నూ నోట్లో ఉండాల్సిందేనన్నాడు. ఆయన శిష్యుడు చార్ల్స్ ట్వీడ్ ఆ సూత్రం ప్రకారమే చికిత్స చేసి, కొందరి ముఖాల్లో నోరు ముందుకు పొడుచుకు రావడం, పళ్లు నిలవకపోవడం గమనించాడు. అదే రోగులకు పళ్లు తీసి మళ్లీ చికిత్స చేసి, 1940లో ఆ ఫలితాలను గురువు వారసుల ముందే పెట్టాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు లోలకం రెండో వైపు ఊగి, అవసరం లేనివాళ్లకూ పళ్లు తీశారు. నేటి పద్ధతి రెండింటికీ మధ్యలో ఉంది. పన్ను తీయాలా వద్దా అన్నది సిద్ధాంతం కాదు, ఆ మనిషి పెదవులు ఇప్పుడు ఎక్కడున్నాయన్న ప్రశ్న.

దక్షిణ భారతంలో పెద్దవాళ్లు ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి ప్రొఫైల్ కోసం వచ్చే కారణాల్లో ముఖ్యమైనది పై వరస, కింది వరస రెండూ ముందుకు వాలి ఉండటం. ఒక నమూనా ఉదాహరణ తీసుకుందాం. 27 ఏళ్ల యువతి, వెనక పళ్లు సరిగ్గానే కలుస్తున్నాయి. విశ్రాంతిలో పెదవుల మధ్య 6 మిల్లీమీటర్ల ఖాళీ, మూస్తే గడ్డం మీద గుంటలు. పై పెదవి ఈ-లైన్‌కు 1 మిల్లీమీటరు ముందు, కింది పెదవి 4 మిల్లీమీటర్లు ముందు. ముక్కు, పై పెదవి మధ్య కోణం 85 డిగ్రీలు. రెండు వరసల్లోనూ ఒక్కో పక్క 1 మిల్లీమీటరు ఇరుకు ఉంది.

నాలుగు పళ్లు తీస్తే ఒక్కో పక్క 7 మిల్లీమీటర్ల ఖాళీ. ఇరుకు విప్పడానికి 1 పోతుంది, మిగిలింది 6. అయితే ఆ 6 మిల్లీమీటర్లూ ముందు పళ్లకే దక్కవు. నీటిమీద ఉన్న రెండు పడవలను మధ్యలో తాడు కట్టి లాగితే రెండూ ఒకదానివైపు ఒకటి కదులుతాయి. పళ్లూ అంతే, ముందు పళ్లను వెనక్కి లాగే బలమే వెనక దవడ పళ్లను ముందుకు లాగుతుంది. ప్రత్యేకమైన ఏర్పాటేమీ లేకపోతే ఈ యువతికి దవడ పళ్లు 2 మిల్లీమీటర్లు ముందుకు వచ్చి, ముందు పళ్లు 4 మాత్రమే వెనక్కి వెళ్తాయి. దవడ పళ్ల మధ్య ఎముకలో మినీ స్క్రూలు బిగించి, ముందు పళ్లను వాటికి కట్టి లాగితే దవడ పళ్లు దాదాపు కదలవు, ముందు పళ్లు 5.5 మిల్లీమీటర్ల వరకు వెళ్తాయి. స్క్రూ అంటే భయపడేవాళ్లు చాలామంది ఉంటారు కానీ, పంటి పక్కన చిగురుకు మత్తిచ్చి బిగించేది కొద్ది నిమిషాల పని, చికిత్స అయ్యాక తీసేస్తారు. ఆ స్క్రూ ఉండటం, లేకపోవడం మధ్య తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. తీసిన నాలుగు పళ్ల ఖాళీలో ఎంత భాగం ముఖానికి ఉపయోగపడిందో అదే తేలుస్తుంది.

ఇక పెదవుల వంతు. పై ముందు పళ్లు రెండు నుంచి మూడు మిల్లీమీటర్లు వెనక్కి వెళ్తే పై పెదవి సుమారు ఒక మిల్లీమీటరు వెనక్కి వెళ్తుంది. కింది పెదవి ఇంకా విధేయమైనది, పళ్లు కదిలిన దూరంలో మూడింట రెండు వంతుల దాకా, కొందరిలో ఇంకా ఎక్కువ అనుసరిస్తుంది. అంటే ఈ యువతిలో పై పెదవి రెండు, రెండున్నర మిల్లీమీటర్లు, కింది పెదవి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి వస్తాయని అంచనా. ఈ-లైన్‌కు పై పెదవి 1 మిల్లీమీటరు పైచిలుకు వెనక్కి, కింది పెదవి గీత దగ్గరికి చేరతాయి. కోణం 90 డిగ్రీలు దాటుతుంది. పెదవుల మధ్య ఖాళీ 2, 3 మిల్లీమీటర్లకు దిగి, మూసుకోవడానికి గడ్డం కండరం బిగించాల్సిన అవసరం పోతుంది. పక్క నుంచి చూసేవారికి గడ్డం పెరిగినట్టు అనిపించేది చాలావరకు ఇక్కడే. ఎముక పెరగలేదు. గడ్డం మీది కండరం సడలింది, కింది పెదవి కింద ఉండాల్సిన మెత్తని వంపు తిరిగి వచ్చింది.

అంచనా అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఇద్దరికి ముందు పళ్లు ఒకేలా 5 మిల్లీమీటర్లు జరిగినా పెదవులు ఒకేలా జరగవు. మందమైన పెదవి తన సొంత ఒడ్డు మీద నిలబడుతుంది కాబట్టి తక్కువ కదులుతుంది, పలచని పెదవి పళ్ల వెంటే వెళ్తుంది. అమెరికన్ ఆర్థోడాంటిస్ట్ రీడ్ హోల్డవే గమనించిన మరో సంగతి ఉంది. ఎత్తు పళ్లమీద బిగువుగా సాగి ఉన్న పెదవి, పళ్లు వెనక్కి మొదలవగానే వాటిని అనుసరించదు. ముందు ఆ బిగువు వదులుకుని తన సహజమైన మందానికి వస్తుంది, ఆ తర్వాతే వెనక్కి నడుస్తుంది. చికిత్సలో మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు పళ్లు జరిగినా అద్దంలో ఏమీ కనిపించడం లేదని నిరాశపడేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. కంప్యూటర్ తెరమీద చూపించే ‘తర్వాతి ముఖం’ చిత్రాలు ఈ తేడాలను సగటు లెక్కతో సర్దేస్తాయి. అందుకే ఆ చిత్రం ఒక దిశను చెబుతుందే తప్ప మాట ఇవ్వదు.

క్లిప్పులా, అలైనర్లా అన్న ప్రశ్న చాలామంది మొదట అడుగుతారు గానీ, ప్రొఫైల్ విషయంలో అది రెండో ప్రశ్న. పెదవికి తన వెనకున్న పన్ను తీగతో జరిగిందో, ట్రేతో జరిగిందో తెలియదు. పన్ను ఎక్కడ ఆగింది, ఏ వాలులో ఆగింది అన్నదే దానికి లెక్క. తేడా వచ్చేది ఆ వాలు దగ్గర. పంటిని వెనక్కి నెట్టడానికి రెండు తీరులున్నాయి. కొనను మాత్రమే లోపలికి వంచడం తేలిక. వేరుతో సహా నిలువుగా జరపడం కష్టం. పై పెదవికి ఆసరా చిగురు దగ్గరి భాగమని ముందే చెప్పుకున్నాం కదా, కొన వంగి వేరు అక్కడే ఉండిపోతే పళ్లు లోపలికి పడినట్టు కనిపిస్తాయి, పెదవికి దక్కాల్సిన మార్పు మాత్రం పూర్తిగా దక్కదు. క్లిప్పుల్లో చదరపు తీగ బ్రాకెట్ గాడిలో మెలిపడి వేరును తిప్పుతుంది. అలైనర్ పంటిని బయటి నుంచి పట్టుకునే పలచని ప్లాస్టిక్ తొడుగు. ఒక్కో ట్రే పంటిని సుమారు 0.25 మిల్లీమీటర్లే జరుపుతుంది, రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి, వేరును తిప్పడానికి పళ్లమీద అతికించే చిన్న చిన్న తెల్ల గుబ్బల సాయం తీసుకోవాలి. 1997లో అలైన్ టెక్నాలజీ సంస్థ మొదలైన నాటితో పోలిస్తే ఈ పద్ధతి చాలా ముందుకు వచ్చింది. వంకరలు, చిన్న ఖాళీలు, కొద్దిపాటి ముందుకు వాలడం అది చక్కగా సరిచేస్తుంది. నాలుగు పళ్లు తీసి, పెద్ద ఖాళీని నిలువుగా మూయడంలో మాత్రం ఇప్పటికీ తీగదే పైచేయి అన్నది చాలామంది వైద్యుల అనుభవం. ట్రేలతో ఆ పని చేయించుకున్నవారిలో చాలామందికి మధ్యలో మళ్లీ స్కాన్ తీసి కొత్త ట్రేల వరస చేయాల్సి వస్తుంది. కొందరికి చివరి నెలల్లో క్లిప్పులు కూడా వేస్తారు.

చికిత్స నడుస్తున్నప్పుడు ముఖం చూసి తొందరపడకూడదు. బ్రాకెట్ పంటి మీద రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున కూర్చుంటుంది. వేసిన మర్నాటి నుంచే పెదవులు ఇంకా ముందుకు వచ్చినట్టు ఉండటం పళ్లు తప్పుదారిలో వెళ్లడం వల్ల కాదు. ట్రే అంతకంటే పలచన కాబట్టి ఆ తేడా తక్కువ. క్లిప్పులు తీసిన రోజే పెదవులు ఒక్కసారిగా వెనక్కి తగ్గుతాయి, కొన్ని వారాల్లో కుదురుకుంటాయి. పై ఉదాహరణలోని యువతికి మొదటి ఆరేడు నెలలు వరస సరిచేయడానికే పోతాయి, ప్రొఫైల్ దాదాపు మారదు. ఆ తర్వాత ఖాళీ మూసే దశ. పెద్దవాళ్లలో నెలకు 1 మిల్లీమీటరు, ఒక్కోసారి అంతకంటే తక్కువ చొప్పున జరుగుతుంది కాబట్టి దానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు. పెదవుల మార్పు కనిపించేది ఈ దశలోనే. మిగతా కాలం వేర్లను నిలబెట్టడానికి, కొరుకును కుదర్చడానికి. మొత్తం రెండు నుంచి రెండున్నర ఏళ్లు. కొందరికి ఈ మధ్యకాలంలో బుగ్గలు లోపలికి పోయినట్టు అనిపిస్తుంది. నమలడం తగ్గి, ఒళ్లు కాస్త తగ్గితే అలా ఉంటుంది. తిండి మామూలయ్యాక అది చాలావరకు సర్దుకుంటుంది.

వెనక్కి లాగడానికి హద్దు ఉంది. ముందు పళ్ల వేర్లకు ముందూ వెనకా ఉండే ఎముక పలచన, కింది దవడలో మరీ పలచన. వేరును ఆ ఎముక గోడకు అవతలికి నెడితే గోడ కరుగుతుంది, చిగురు కిందికి జారి పన్ను పొడుగ్గా కనిపిస్తుంది, వేరు కొన అరిగి పొట్టిదవుతుంది. అందుకే మధ్యలో ఒకసారి ఎక్స్-రే తీసి వేర్ల పొడవు చూసుకుంటారు. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకు ముందు దాన్ని నయం చేసిగానీ పళ్లను కదిలించరు. ఇరుకు విప్పిన పెద్దవాళ్ల ముందు పళ్ల మధ్య, చిగురు దగ్గర చిన్న నల్లటి త్రికోణాలు తేలడం కూడా మామూలే. పళ్ల అంచులు కొద్దిగా అరగదీసి వాటిని చాలావరకు మూస్తారు.

చికిత్స దారి తప్పుతోందని రోగికే కనిపించే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఖాళీ మూసే దశలో పై ముందు పళ్లు లోపలికి వాలుతూ, కిందికి దిగి, నవ్వితే చిగురు ఎక్కువ కనిపిస్తుంటే కొనలు మాత్రమే వంగుతున్నాయని అర్థం. కొరికితే ముందు పళ్లు ముందే తగిలి, దవడ పళ్లు కలవకపోవడం మరో గుర్తు. అలైనర్ వాడేవాళ్లయితే ట్రే అంచుకూ పంటి కొనకూ మధ్య గాలి బుడగలాంటి ఖాళీ కనిపిస్తుంటే పన్ను ట్రే వెంట నడవడం లేదన్నమాట. అప్పుడు తర్వాతి ట్రేకు మారకుండా వైద్యుడికి చూపించాలి.

ఎముక హద్దు దాటకపోయినా ముఖం హద్దు దాటవచ్చు. వయసు పెరిగేకొద్దీ పెదవులు పలచబడి కిందికి జారతాయి, ముక్కు కొన కాస్త దిగుతుంది. ఇరవై అయిదేళ్లకు పెదవులను గీతకు బాగా వెనక్కి తోసేస్తే, యాభై ఏళ్లకు నోరు పళ్లు లేనివాళ్లలా లోపలికి పోయి కనిపించే ప్రమాదం ఉంది. మొదటే పెద్ద ముక్కు, పలచని పెదవులు, తేలిన గడ్డం ఉన్నవారికి పళ్లు తీసి వెనక్కి లాగడం చాలా అరుదుగా మాత్రమే మేలు చేస్తుంది. అలాంటివారికి ఇరుకు ఎక్కువున్నా కొద్దిపాటి అరగదీతతో, కొంచెం వెడల్పుతో సర్దడమే మెరుగు.

గడ్డం చిన్నదైన కారణంగా నోరు ముందుకు కనిపించేవారి సంగతి వేరు. అక్కడ లోపం పళ్లది కాదు, కింది దవడ ఎముక వెనకే ఉండిపోవడం. పై పళ్లను మాత్రం వెనక్కి లాగితే పై, కింది పళ్లు కుదురుతాయి, కానీ పై పెదవి కూడా వెనక్కి పోయి, పెద్ద ముక్కు, చిన్న గడ్డం మధ్య ముఖం మరీ చదునవుతుంది. పెద్దవాళ్లలో గడ్డాన్ని ముందుకు తేవడానికి ఉన్న నికరమైన మార్గం దవడ శస్త్రచికిత్స లేదా గడ్డం ఎముకను మాత్రమే ముందుకు జరిపే చిన్న శస్త్రచికిత్స. ఒక్క మినహాయింపు ఉంది. పొడవు ముఖం ఉన్నవారిలో మినీ స్క్రూలతో దవడ పళ్లను ఎముకలోకి కొద్దిగా దింపితే కింది దవడ పైకి తిరిగి, గడ్డం ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. దీనికి వ్యతిరేకం కూడా నిజమే. చికిత్సలో దవడ పళ్లు పైకి లేస్తే దవడ కిందికి తిరిగి గడ్డం వెనక్కి పోతుంది. నాలుకను అంగిట్లో ఆనించి ఉంచితే దవడ గీత పదునెక్కుతుందనే ఇంటర్నెట్ వ్యాయామాలకు పెద్దవాళ్ల ఎముక లొంగదు.

చికిత్స అయ్యాక రిటైనర్ పెట్టుకోకపోతే పై లెక్కలన్నీ వెనక్కి నడుస్తాయి. పళ్లమీద ఒక వైపు పెదవులు, రెండో వైపు నాలుక ఎప్పుడూ ఒత్తుతుంటాయి. ముందుకు వాలిన పళ్లను వెనక్కి తెచ్చినవారిలో నాలుక వాటిని మళ్లీ నెడుతుంది. మొదటి లక్షణంగా మూసిన ఖాళీ సన్నగా తెరుచుకుంటుంది. పెదవులు వాటంతట అవి మూసుకునేలా పళ్లను తెచ్చినవారిలో ఫలితం నిలిచే అవకాశం ఎక్కువ, ఎందుకంటే కింది పెదవి పై పళ్ల ముందు ఆనుకుని కాపలా కాస్తుంది. మొదటి ఏడాది దాదాపు రోజంతా, ఆ తర్వాత రాత్రిళ్లు రిటైనర్ పెట్టుకోమని చెబుతారు. చాలామంది వైద్యులు ఇప్పుడు ఆ ‘తర్వాత’కు గడువు పెట్టడం లేదు.

ప్రొఫైల్ కోసం చికిత్స మొదలుపెట్టబోయేవారు ఏ బ్రాండు అని అడగడానికి ముందు ఒక్క ప్రశ్న అడగాలి: పై, కింది ముందు పళ్లు ఎన్ని మిల్లీమీటర్లు, ఏ దిశలో కదలబోతున్నాయి, ఆ చోటు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ అంకె చెప్పలేని ప్రణాళికతో పళ్లు తీయించుకోవడం గానీ, ట్రేలకు డబ్బు కట్టడం గానీ చేయకండి.